చెత్త ఆటో రాకపోతే: కుప్ప మీద కాదు, బండి మీద ఫిర్యాదు చేయండి

ప్రశ్న: మాది బెంగళూరులో సొంత ఇల్లు, 1,100 చదరపు అడుగులు. ప్రాపర్టీ టాక్స్ ఏటా ఏప్రిల్‌లోనే కట్టేస్తాను. ఇప్పుడు రసీదులో చెత్తకని వేరేగా డబ్బు కూడా పడుతోంది. అయినా మా రోడ్డుకి చెత్త ఆటో వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. 1533 కి ఫోన్ చేస్తే మూలన ఉన్న కుప్ప ఎత్తేసి కంప్లైంట్ క్లోజ్ చేశామని మెసేజ్ పెడుతున్నారు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే కథ. టాక్స్ కట్టడం ఆపేస్తే దారికొస్తారా? అసలు ఎవరికి, ఏమని రాయాలి?

జవాబు: టాక్స్ ఆపొద్దండీ. దాని వల్ల ఇబ్బంది పడేది మీరు ఒక్కరే, చెత్త ఆటో నడిపించేవాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. మీరు మార్చాల్సింది ఫిర్యాదులో రాసే విషయం. ఇప్పటిదాకా మీరు "మూలన చెత్త కుప్ప ఉంది" అని చెప్తున్నట్టున్నారు, వాళ్ళు కుప్ప ఎత్తి, ఫోటో పెట్టి, క్లోజ్ చేస్తున్నారు. వాళ్ళ లెక్కలో ఆ పని నిజంగానే అయిపోయింది. "ఫలానా క్రాస్‌కి ఫలానా తేదీల్లో ఇంటింటి సేకరణ ఆటో రాలేదు, ఈ రోడ్డు ఆటో రూటులో ఉందో లేదో చెప్పండి" అని రాయండి. ఆ ఫిర్యాదుని కుప్ప ఎత్తి మూసేయడం కుదరదు.

నేను మా లేఅవుట్ సంఘంలో చాలా ఏళ్ళుగా ఈ చెత్త పనే చూస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. ముందు టాక్స్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ కోపమంతా అక్కడి నుంచే మొదలైంది, అందులో న్యాయం కూడా ఉంది.

మీ రసీదులో రెండు రకాల డబ్బులున్నాయి. మొదటిది అసలు ప్రాపర్టీ టాక్స్. బెంగళూరులో 2008 నుంచి దీన్ని యూనిట్ ఏరియా పద్ధతిలో లెక్కిస్తున్నారు. మీ ఏరియా ఏ జోన్‌లో ఉందో దాన్నిబట్టి చదరపు అడుగుకి నెలకి ఇంత అని ఒక రేటు ఉంటుంది, సొంతానికి వాడుకుంటే తక్కువ, అద్దెకిస్తే ఎక్కువ. దాన్ని పన్నెండు నెలలకి కాకుండా పది నెలలకి లెక్కేసి, ఇంటి వయసుని బట్టి తరుగు తీసేసి, మిగిలినదాంట్లో 20 శాతం పన్ను అంటారు. ఊరికే లెక్క కోసం రేటు 2 రూపాయలనుకోండి. 1,100 ని 2 తో, మళ్ళీ 10 తో గుణిస్తే 22,000. తరుగు పది శాతం పోతే 19,800. అందులో 20 శాతం అంటే 3,960. దాని మీద ఆరోగ్యం, గ్రంథాలయం, భిక్షుకుల పునరావాసం లాంటి సెస్సులు కలిపి పన్నులో సుమారు పాతిక శాతం పడతాయి, అంటే ఇంకో వెయ్యి. మీ జోన్ రేటు వేరే ఉంటుంది, రసీదు చూసి అదే వరుసలో వేసుకోండి, ఎక్కడ ఏం పడిందో తెలిసిపోతుంది.

ఈ డబ్బుకీ మీ ఇంటి ముందుకొచ్చే ఆటోకీ నేరుగా లంకె లేదు. పన్ను అంటే ఊరంతటి ఖర్చుకి ఉమ్మడిగా ఇచ్చేది, రోడ్డు, వీధి దీపం, పార్కు, ఆఫీసు జీతాలు అన్నీ అందులోనే. "నాకు ఈ పని చేయలేదు కాబట్టి ఈ పన్ను కట్టను" అనే వాదన చట్టంలో నిలబడదు. కట్టకపోతే వడ్డీ పెరుగుతుంది, ఆ బాకీ ఇంటి మీద ఉండిపోతుంది, రేపు అమ్మాలన్నా పిల్లల పేరు మీదకి మార్చాలన్నా ఈ-ఖాతా అనే ఆస్తి రికార్డు దగ్గర అడ్డం పడుతుంది. పైగా ఏప్రిల్‌లో పూర్తిగా కడితే వచ్చే 5 శాతం తగ్గింపు పోతుంది.

రెండోది ఘన వ్యర్థాల యూజర్ ఫీజు, మీరు చెత్తకని వేరేగా పడిందన్నది ఇదే. 2025-26 నుంచి దీన్ని ప్రాపర్టీ టాక్స్‌తో కలిపి వసూలు చేస్తున్నారు. ఇళ్ళకైతే కట్టిన విస్తీర్ణాన్ని బట్టి: 600 చదరపు అడుగుల దాకా నెలకి 10 రూపాయలు, 1,000 దాకా 50, 2,000 దాకా 100, 3,000 దాకా 150, 4,000 దాకా 200, ఆ పైన 400. ఇది మొదలుపెట్టినప్పుడు పెట్టిన రేట్లు ఇవి. మీ 1,100 కి నెలకి 100, ఏడాదికి 1,200. ఈ గీత మీ రసీదులో ఎంత ఉందో ముందు చూసుకోండి, ఎందుకంటే కట్టిన విస్తీర్ణం తప్పుగా ఎక్కి ఒక శ్లాబు పైకి జరిగిన ఇళ్ళు నేను చూశాను.

ఇది పన్ను కాదు, ఒక సేవకి తీసుకునే రుసుము. ఇంటింటికీ వచ్చి విడివిడి చెత్త తీసుకెళ్ళడం స్థానిక సంస్థ బాధ్యత అని, దానికి ఇంటివాళ్ళు ఫీజు కట్టాలని కేంద్రం 2016 లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే స్పష్టంగా రాశారు. అంటే మీరు మీ వంతు చేసి, వాళ్ళ వంతు అడుగుతున్నారు. అందుకే ఫిర్యాదులో ప్రాపర్టీ టాక్స్ మొత్తం ఎంత కట్టారో రాసి వాదించకండి, యూజర్ ఫీజు గీత ఒక్కటి రాయండి. "ఏడాదికి 5,000 కడుతున్నా" అంటే వినేవాడికి అది రోజూ వినే మాట. "ఇంటింటి సేకరణ కోసం 1,200 రూపాయల యూజర్ ఫీజు ఫలానా రసీదు నంబరుతో కట్టాను, ఆ సేవ అందలేదు" అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఒకసారి ఆగుతాడు.

ఎవరికి అన్నది ఇప్పుడు చెప్తాను. 2025 సెప్టెంబర్ 2 నుంచి ఊరంతటికీ ఒకే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ లేదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. మీ టాక్స్ మీ కార్పొరేషన్‌కి వెళ్తుంది. కానీ చెత్త పని చూసేది బెంగళూరు సాలిడ్ వేస్ట్ మేనేజ్‌మెంట్ లిమిటెడ్ అనే కంపెనీ, ఇది ఊరంతటికీ ఒకటే, దాని కింద కాంట్రాక్టర్లు ఆటోలు, కంపాక్టర్లు నడుపుతారు. చాలామంది ఇక్కడే తిరిగి తిరిగి అలసిపోతారు. వార్డు ఆఫీసులో రెవెన్యూ వాళ్ళ దగ్గరికి టాక్స్ రసీదు పట్టుకెళ్ళి చెత్త గురించి అడుగుతారు, వాళ్ళు "అది మా సెక్షన్ కాదు" అంటారు, ఆ మాట నిజమే. నీళ్ళకి జలమండలి 1916, కరెంటుకి బెస్కాం 1912 ఎలాగో, చెత్తకి 1533 అలాగ, ఆ నంబరు నుంచే ఫిర్యాదు మీ వార్డు చెత్త సిబ్బందికి వెళ్తుంది.

ఒక్క మాట, మీకు వర్తించకపోవచ్చు గానీ ఊరి అంచుల్లో ఉన్న మనవాళ్ళు చాలామంది ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను. మీ టాక్స్ రసీదు గ్రామ పంచాయతీ పేరు మీద ఉంటే ఈ 1533 లు, ఈ కంపెనీ మీకు పని చేయవు. పిన్ కోడ్ బెంగళూరుది అయినంత మాత్రాన కార్పొరేషన్ హద్దులో ఉన్నట్టు కాదు. అప్పుడు మీరు వెళ్ళాల్సింది పంచాయతీ అభివృద్ధి అధికారి, అంటే పీడీఓ దగ్గరికి. అలాగే కార్పొరేషన్ హద్దులోనే ఉండి బి-ఖాతా అయినా కూడా చెత్త తీసుకెళ్ళాల్సిందే, ఖాతా ఏ రకమన్నది ఆటోకి సంబంధం లేని విషయం.

ఇప్పుడు అసలు పని: ఆటో ఎందుకు రావట్లేదో కనిపెట్టడం. ఇది తెలియకుండా ఫిర్యాదు చేస్తే గాల్లో రాయి విసిరినట్టే. నేను ఎవరడిగినా ముందు మూడు రోజులు పొద్దున చుట్టుపక్కల ఒకసారి నడిచి చూడమంటాను.

ఆ రోజు మీ ఏరియా మొత్తానికి ఆటోలు రాలేదంటే లోపం పైన ఉంది. ఇంటింటికీ తిరిగే ఆటో తడి చెత్త నింపుకుని ఒక చోట కంపాక్టర్ లారీలో ఒంపుతుంది. ఆ లారీ ఊరి బయట ప్లాంటు దగ్గరో, పాత క్వారీ దగ్గరో ఇరుక్కుపోతే, లేక డ్రైవర్లు, హెల్పర్లు జీతాలు రాక పని ఆపేస్తే, నిండిన ఆటో నిండినట్టే నిలబడిపోతుంది. ఇలాంటప్పుడు మీ ఒక్క రోడ్డు గురించి ఫిర్యాదు చేసి లాభం లేదు, రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

పక్క రోడ్డుకి వస్తోంది, మీ రోడ్డుకి రావట్లేదంటే అది రూటు సమస్య. మీరు రాసినదాన్నిబట్టి మీది ఇదే అనుకుంటున్నాను. ఒక ఆటోకి సుమారు 750 ఇళ్ళు అన్న లెక్కతో ఇక్కడ రూట్లు వేశారు. కాగితం మీద వేసినప్పుడు సరిపోయిన లెక్క, ఆ తర్వాత ఖాళీ సైట్లలో నాలుగంతస్తుల పీజీలు లేచేసరికి సరిపోదు. ఆటో మొదటి రోడ్లలోనే నిండిపోతుంది, ఒంపడానికి వెళ్తుంది, రెండో ట్రిప్పుకి టైము ఉండదు, రూటు చివర ఉన్న క్రాసులు మిగిలిపోతాయి. వారానికి రెండుసార్లు వస్తోందంటే సరిగ్గా ఇదే గుర్తు: మొదటి రోడ్లలో చెత్త తక్కువ పడిన రోజు ఆటోలో చోటు మిగిలి మీ దాకా వస్తోంది.

మీ రోడ్డంతా తీసుకుని మీ బిల్డింగ్ ఒక్కటే వదిలేస్తుంటే అది విడదీయకపోవడం వల్ల, లేదా మీరు బయట పెట్టే టైము వల్ల. కర్ణాటక హైకోర్టు 2015 లో ఇచ్చిన ఆదేశం నుంచి ఇక్కడ రెండు బిన్నులు, ఒక సంచి పద్ధతి ఉంది. తడి చెత్త ఆకుపచ్చ బిన్నులో, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, ఊడ్చిన దుమ్ము లాంటివి ఎరుపు బిన్నులో, ప్లాస్టిక్, కాగితం, అట్టముక్కలు సంచిలో. తడి చెత్త రోజూ తీసుకుంటారు, పొడి చెత్తకి చాలా చోట్ల వారంలో కొన్ని రోజులే. అది తెలియక రోజూ పొడి సంచి పెట్టి "తీసుకోవట్లేదు" అని కోపం తెచ్చుకునేవాళ్ళున్నారు. ఇంకోటి, నల్ల కవర్లో అన్నీ కలిపి కట్టి ఇస్తే తీసుకోకపోవడం వాళ్ళ హక్కు, అప్పుడు మీ ఫిర్యాదుకి బలం ఉండదు. అందుకే మీ ఇంట్లో ముందు ఇది సరిచేసుకుని, ఆ తర్వాతే కాగితం మీద పెట్టండి.

మా లేఅవుట్‌లో వెనకవైపు ఒక క్రాస్‌కి ఇదే జరిగింది. అక్కడివాళ్ళు ప్రతి వారం కుప్ప ఫోటో పెట్టి ఫిర్యాదు చేసేవాళ్ళు, ప్రతి వారం కుప్ప ఎత్తేసేవాళ్ళు. ఒకరోజు నేను ఆటో వెనకాలే నడిచాను. డ్రైవరు అనంతపురం వైపు మనిషి, హెల్పరు కూడా తెలుగే. ఇది ఇక్కడ ఉన్న మనకి పెద్ద వరం, బెంగళూరు పౌరకార్మికుల్లో, చెత్త ఆటోల మీద పనిచేసేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలా ఎక్కువ. అరవకుండా, టీ టైములో పక్కన నిలబడి అడిగితే ఏ అధికారీ చెప్పని విషయం చెప్తారు. ఆయన చెప్పింది ఏంటంటే, "సార్, నాకిచ్చిన లిస్టులో మీ వెనక క్రాసే లేదు. నేను ఖాళీ ఉన్నప్పుడు ఊరికే వస్తున్నా." అంటే ఆ రోడ్డు వేసి, ఇళ్ళు కట్టి ఏళ్ళయినా రూటు కాగితంలోకి ఎక్కలేదు. ఆ రోడ్డుకి వెళ్ళకపోయినా కాంట్రాక్టరుకి ఒక్క రూపాయి కోత పడదు, ఎందుకంటే కాగితం ప్రకారం అతను ఏమీ వదిలేయలేదు. ఎన్ని కుప్పల ఫోటోలు పెట్టినా ఎందుకు మారలేదో అప్పుడు అర్థమైంది.

అప్పుడు మేం ఫిర్యాదు మార్చి రాశాం. కుప్ప మాటే ఎత్తలేదు. ఆ క్రాస్‌లో ఇళ్ళెన్నో, అందులో పీజీలెన్నో, ఏ తేదీల్లో ఆటో రాలేదో, పక్క క్రాస్‌కి ఆ రోజు ఎన్ని గంటలకి వచ్చిందో రాసి, ఈ క్రాస్‌ని రూటులో చేర్చమని అడిగాం. కింది స్థాయి సూపర్‌వైజర్ వచ్చి చూసి ఒప్పుకున్నాడు, కానీ ఆటోలో చోటు మాత్రం అంతే, నిండిపోతే డ్రైవరు ఏం చేస్తాడు? కాబట్టి మధ్యేమార్గం ఒకటి కుదుర్చుకున్నాం. వారంలో మూడు రోజులు ఆటో మామూలుగా ముందు నుంచి, మిగతా మూడు రోజులు వెనక క్రాస్ నుంచి మొదలుపెట్టాలి. డ్రైవరుకి కొత్త భారమేమీ లేదు, పైసా ఖర్చు లేదు, ఒకే రోడ్డు ఎప్పుడూ ఎండిపోకుండా ఉంటుంది. తర్వాత ఆ రోడ్డు లిస్టులోకెక్కాక రెండో ట్రిప్పు వచ్చింది. మీరూ ఫిర్యాదుతో పాటు ఈ మార్పు అడిగి చూడండి, కొత్త ఆటో కావాలని అడిగితే నెలలు పడుతుంది, వరస తిప్పమని అడిగితే వారంలో అవుతుంది.

మీ ఫిర్యాదు ఇలా ఉంటే చాలు. కన్నడలోనో ఇంగ్లీషులోనో పంపాలి, విషయం మాత్రం ఇది:

"ఫలానా లేఅవుట్, ఫలానా మెయిన్, ఫలానా క్రాస్, దగ్గర్లోని గుర్తు ఇది. ఈ క్రాస్‌లో ఇన్ని ఇళ్ళు ఉన్నాయి. ఈ తేదీల్లో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తడి చెత్త సేకరణ ఆటో రాలేదు. అదే రోజుల్లో పక్క క్రాస్‌కి వచ్చింది. ఇళ్ళన్నీ చెత్త విడదీసి ఇస్తున్నాయి. యూజర్ ఫీజు ఫలానా రసీదు ద్వారా కట్టాం. ఈ క్రాస్ ఏ ఆటో రూటులో ఉంది, రోజూ ఎన్ని గంటలకి రావాలి అన్నది రాతపూర్వకంగా తెలపండి. రూటులో లేకపోతే చేర్చండి."

1533 కి ఫోన్‌లో చెప్పేటప్పుడు కన్నడలో ఒక్క ముక్క అంటే పని తేలిక: "నమ్ క్రాస్‌గె కసద ఆటో బర్తిల్ల" అంటే చాలు, వాళ్ళే ఏరియా అడుగుతారు. అక్కడ వాళ్ళు దాన్ని "చెత్త కుప్ప" కింద రాసుకోబోతే ఆపి, కుప్ప కాదు, బండి రావట్లేదు అని గట్టిగా చెప్పండి. ఫిర్యాదు ఏ విభాగం కింద ఎక్కిందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టకండి.

రాని ఆటోకి ఫోటో ఎక్కడి నుంచి తేవాలి అని అడుగుతారు. తేవక్కర్లేదు. పొద్దున ఇంటి ముందు నిండిన ఆకుపచ్చ బిన్నుని, మళ్ళీ మధ్యాహ్నం అదే బిన్నుని అలాగే నిండి ఉండగా, తేదీ, టైము, లొకేషన్ పడే కెమెరా యాప్‌తో తీయండి. వారం రోజులవి, మీతో పాటు ఇంకో రెండిళ్ళవి ఉంటే అది కాదనలేని రుజువు. ఒక్కరే పంపితే ఇంటి గొడవ, నలుగురు ఒకే తేదీలతో పంపితే రోడ్డు సమస్య.

క్లోజ్ చేశామని మెసేజ్ వస్తే ఊరుకోకండి, కోప్పడీ లాభం లేదు. ఆ రోజే కొత్త ఫిర్యాదు పెట్టి, అందులో పాత నంబరు రాసి, "ఈ నంబరు మీద ఆటో రాకుండానే మూసేశారు, ఈ రోజు కూడా రాలేదు" అని ఫోటో జతచేయండి. ఇలా రెండు మూడు నంబర్లు గొలుసుగా తయారయ్యాక వాటన్నిటినీ ఒకే కాగితంలో పెట్టి వార్డు చెత్త పని చూసే ఇంజనీరుకి, మీ కార్పొరేషన్ కమిషనర్‌కి ఇచ్చి, కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. సీలు లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే. ఇంటి నుంచే చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వ జనస్పందన పోర్టల్ ఉంది, దాని నంబరు 1902, అక్కడ పెట్టిన ఫిర్యాదు మళ్ళీ ఈ సంస్థకే వచ్చినా పైనుంచి వచ్చినట్టు లెక్క. కార్పొరేటర్లని పట్టుకుందామంటే 2020 సెప్టెంబర్‌లో వాళ్ళ పదవీకాలం ముగిశాక ఏళ్ళ తరబడి ఆ కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి, అందుకే ఇక్కడ అందరం కాగితం మీద పోరాడటం నేర్చుకున్నాం.

దానికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. కర్ణాటకలో ఒక చిన్న మెలిక ఉంది: దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. చాలామంది రోడ్డు, డ్రైనేజీ, చెత్త, వీధి కుక్కలు అన్నీ ఒకే దాంట్లో రాస్తారు, అది ఆ కారణంతోనే వెనక్కొస్తుంది. ఫీజు 10 రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మూడే అడగండి: మా వార్డులో ఈ క్రాస్ ఉన్న ఆటో రూటు పట్టిక కాపీ, ఈ తేదీల్లో ఆ ఆటో హాజరు లేదా జీపీఎస్ రికార్డు కాపీ, రాని రోజులకి కాంట్రాక్టరు బిల్లులో వేసిన కోత వివరాలు. "ఎందుకు రాలేదు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వక్కర్లేదు, ఉన్న కాగితం మాత్రమే ఇవ్వాలి. మూడో ప్రశ్న చదివినప్పుడే చాలాసార్లు ఆటో రావడం మొదలవుతుంది, ఎందుకంటే రాని రోజులకి బిల్లు చెల్లించి ఉంటే అది ఇప్పుడు ఇంకొకరి చేతిలోకి వెళ్ళబోతోంది. జవాబు రాకపోతే ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

చివరి మెట్టు చాలామందికి తెలియదు: శాశ్వత లోక్ అదాలత్. 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టంలో, సెక్షన్ 22ఎ కింద, పారిశుధ్య వ్యవస్థని ప్రజా వినియోగ సేవగా పేర్కొన్నారు. అంటే కరెంటు, నీళ్ళ గొడవల్లాగే చెత్త సేకరణ గొడవ కూడా అక్కడికి తీసుకెళ్ళొచ్చు. కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందు రాజీకి పిలుస్తారు, కుదరకపోతే వాళ్ళే తీర్పు ఇవ్వగలరు. కానీ ఫిర్యాదు నంబర్లు, సీలు వేసిన కాపీలు, ఆర్టీఐ జవాబు లేకుండా వెళ్తే అక్కడ చూపించడానికేమీ ఉండదు, కాబట్టి దాన్ని మొదటి మెట్టుగా వాడకండి.

ఈ లోపల ఇంట్లో చెత్త ఏం చేయాలి అన్నది అసలు టెన్షన్. దయచేసి మూలన పెట్టకండి, రాత్రి కవరు కట్టి తీసుకెళ్ళి ఖాళీ సైటులో వేయకండి. 2025 అక్టోబర్‌లో రోడ్డు మీద చెత్త వేసిన ఇళ్ళని గుర్తుపట్టి, ఆ ఇళ్ళ ముందే చెత్త తెచ్చి ఒంపి జరిమానాలు వేశారు. ఒక్క ఫోటోతో మీరు ఫిర్యాదుదారు నుంచి నిందితుడైపోతారు. పైగా ఆ కుప్ప ఉన్నంత కాలం మీ వార్డు వాళ్ళకి ఆటో పంపే అవసరం ఉండదు, అందరి చెత్తా ఒక్క చోట దొరికితే లారీ పెట్టి ఎత్తడం వాళ్ళకి తేలిక. మా వెనక క్రాస్‌వాళ్ళు ఆటో వచ్చేదాకా తడి చెత్తని మూత ఉన్న బకెట్లలో కొబ్బరి పీచు పొడి చల్లుతూ ఇంట్లోనే ఉంచారు. రోజుకో పిడికెడు పొడి పైన పరిస్తే వాసన రాదు, పురుగు పట్టదు, నాలుగైదు రోజులు ఆగుతుంది. బకెట్ అడుగున నీళ్ళు చేరుతుంటే పొడి తక్కువైందని గుర్తు. పొడి చెత్తకి తొందరే లేదు, కడిగి ఆరబెట్టి సంచిలో పెడితే రెండు వారాలైనా ఉంటుంది, మీ వార్డులో పొడి చెత్త సేకరణ కేంద్రం ఉంటే నేరుగా అక్కడే ఇవ్వొచ్చు.

అద్దెకుండేవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు, మా పేరు మీద టాక్స్ లేదు కదా, మేం ఫిర్యాదు చేయొచ్చా అని. చేయొచ్చు. 1533 లో టాక్స్ నంబరు అడగరు, అడ్రసు చాలు. యూజర్ ఫీజు రసీదు కాపీ మాత్రం ఓనర్ దగ్గర తీసుకుని పెట్టుకోండి, పైకి రాసేటప్పుడు అదే పనికొస్తుంది. మీరు ఓనరే కాబట్టి ఆ గొడవ లేదు, ఈ వారం పక్కిళ్ళ ఇద్దరితో మాట్లాడి, సోమవారం నుంచి బిన్ను ఫోటోలు మొదలుపెట్టండి. మూడు రోజులు నడిచి చూశాక, ఆటో మీ పక్క క్రాస్‌కి ఎన్నింటికి వస్తోందో, అప్పటికి ఎంత నిండి ఉందో ఇక్కడే రాయండి. అది రూటులో లేకపోవడమా, రూటులో ఉండి నిండిపోవడమా అన్నదాన్నిబట్టి ఫిర్యాదులో చివరి రెండు వాక్యాలు మారతాయి, అవి నేను రాసిస్తాను.